గడియారం సరిగ్గానే ఉంది, కోడ్ మాత్రం తప్పంటోంది

సంపాదకుల గారికి,

మా బావమరిది దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చాడు. వచ్చిన మూడో రోజు తన షేర్ల ఖాతా తెరవబోతే, ఫోన్‌లోని అథెంటికేటర్ యాప్ చూపించిన ఆరంకెల కోడ్‌ను సైట్ ఒప్పుకోలేదు. ఆలస్యంగా కొట్టానేమోనని కొత్త కోడ్ వచ్చీ రాగానే కొట్టాడు. మళ్లీ Invalid code. ఐదోసారికి ఖాతా లాకైంది, ఇంట్లో అందరికీ టెన్షన్. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "యాప్ డిలీట్ చేసి మళ్లీ వేసుకోండి సార్" అన్నారు. అదృష్టం బాగుండి ఆ పని చెయ్యలేదు.

ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ వేరు, ఇది వేరు. ఓటీపీని అవతలివాళ్లు తయారుచేసి పంపుతారు. అథెంటికేటర్ కోడ్‌ను ఎవరూ పంపరు. మొదట్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య సంఖ్య మన ఫోన్‌లో చేరుతుంది, సైట్ దగ్గరా అదే ఉంటుంది. ఆ సంఖ్యనూ అప్పటి సమయాన్నీ కలిపి ఇద్దరూ ఎవరికి వారు లెక్క కడతారు. అందుకే నెట్ లేకపోయినా కోడ్ వస్తుంది. సమయాన్ని సాధారణంగా 30 సెకన్ల ముక్కలుగా లెక్కిస్తారు. చాలా సైట్లు ఒక ముక్క అటూ ఇటూ అయినా సర్దుకుపోతాయి. అంతకు మించి తేడా ఉంటే కోడ్ తప్పే.

"ఫోన్ టైమ్ చూడరా" అంటే, "గోడ గడియారంతో నిమిషం తేడా లేదు బావా" అన్నాడు. నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. ఇండియా సిమ్ వేసుకోకపోవడంతో, దిగిన రోజు ఫోన్ ఇంకా దుబాయ్ టైమే చూపిస్తోంది. చూడలేక ఆటోమేటిక్ టైమ్ ఆపేసి, ముల్లు తిప్పినట్టు గంటన్నర ముందుకు జరిపాడు. టైమ్ జోన్ మాత్రం దుబాయ్‌దే, GMT+04:00. యాప్ చూసేది తెర మీది అంకెలను కాదు. జోన్ తీసేస్తే మిగిలే ప్రపంచ సమయాన్ని, అంటే యూటీసీని. ఇక్కడ ఉదయం పదైతే యూటీసీ నాలుగున్నర. వాడి ఫోన్ మాత్రం పదిలోంచి దుబాయ్ నాలుగు గంటలు తీసేసి ఆరనుకుంటోంది. గంటన్నరంటే 5400 సెకన్లు, అంటే 180 కోడ్లు. గంటన్నర తర్వాత చెల్లాల్సిన కోడ్‌ను అప్పుడే చూపిస్తోందన్నమాట. టైమ్ మార్చకుండా దుబాయ్ గంటలే ఉంచుకుని ఉంటే కోడ్ భేషుగ్గా పనిచేసేది!

బస్సు తప్పకూడదని గడియారం ఐదు నిమిషాలు ముందు పెట్టుకునేవాళ్లకూ, ఆటలో లైఫ్‌ల కోసం పిల్లలు తేదీ మార్చేసిన ఫోన్లకూ ఇదే గతి. రోజుల తేడా ఉంటే వెబ్‌సైట్లే తెరుచుకోక మొరాయిస్తాయి కనుక అనుమానం వస్తుంది. నిమిషాల తేడా అయితే కోడ్ దగ్గర తప్ప ఎక్కడా బయటపడదు.

సరిచేయడం తేలికే. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి Date & time తెరవాలి. కొన్ని ఫోన్లలో ఇది General management లోపల ఉంటుంది. ఐఫోన్‌లో అయితే General లోపల. అక్కడ ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేసి, జోన్ GMT+05:30 ఉందో లేదో చూసుకోవాలి. సిమ్ లేక జోన్ తనంతట తాను మారకపోతే జోన్‌ను మాత్రమే చేత్తో మార్చాలి, గంటలను ముట్టుకోకూడదు. ముందే ఆన్‌లో ఉండీ తేడా ఉంటే, నెట్ ఉన్నప్పుడు ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయాలి. తర్వాత ఆ ఫోన్ బ్రౌజర్‌లోనే time.is తెరిస్తే ఇంకా ఎన్ని సెకన్ల తేడా ఉందో అదే చెబుతుంది. తేడా ఏమీ లేకపోయినా కోడ్ చెల్లకపోతే కారణం వేరే. యాప్‌లో అదే సైట్ పేరుతో పాత ఖాతా ఇంకొకటి ఉందేమో చూసుకోవాలి.

యాప్‌ను మాత్రం డిలీట్ చేయకండి. బ్యాకప్ లేకపోతే రహస్య సంఖ్య కూడా దాంతోపాటే పోతుంది. పోయేది ఆ ఒక్క ఖాతాదే కాదు, యాప్‌లో పెట్టుకున్న అన్ని ఖాతాలదీ. మావాడి యాప్‌లో ఏడున్నాయి.

అందుకే ఈ ఉత్తరం. లాగిన్ పేజీలు పెట్టే సంస్థలు Invalid code కింద "మీ ఫోన్ సమయం, టైమ్ జోన్ ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి" అని ఒక్క వాక్యం తెలుగులో చేర్చాలి. అదీ రెండో తప్పుకే కనిపించాలి, లాకయ్యాక కాదు. యాప్ తీసేయమనే ముందు టైమ్ గురించి అడగమని కస్టమర్ కేర్ వాళ్లకూ చెప్పాలి. గల్ఫ్ నుంచి నెల సెలవు మీద వచ్చేవాళ్లకు ఖాతా తెరిపించుకోవడానికే రెండు రోజులు పోతున్నాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జగిత్యాల