వరంగల్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: గోదాం రేకుల మీద పని గురించి

అయ్యా,

పోయిన వానకాలం ముందు మా తమ్ముడు ఒక పత్తి గోదాంలో కారే రేకులు మార్చడానికి ఎక్కాడు. పాత సిమెంటు రేకుల మధ్య వెలుతురు కోసం వేసిన ప్లాస్టిక్ రేకు దుమ్ము పట్టి, పక్క రేకుల రంగులోకే వచ్చేసింది. తెలియక దాని మీద కాలు పెట్టాడు. ఇరవై అడుగుల కింద గచ్చు. నడుం విరిగింది, ఇప్పటికీ మంచం మీదే ఉన్నాడు.

బోల్టుల వరస మీద నడిస్తే ఏమీ కాదని మేస్త్రీలు చెబుతారు. అది నిజం కాదు. పాతబడిన సిమెంటు రేకు ముందు ఏ సూచనా లేకుండా పగులుతుంది, అడుగు కొంచెం జారితే చాలు.

వీలైతే కింద పరంజా కట్టి అక్కడి నుంచే పని చేయాలి. పైకి ఎక్కక తప్పదంటే కనీసం మూడు ఇనుప దూలాల మీద ఆనే వెడల్పు పలకలు వేసి కట్టేయాలి. అంచుల వెంట పరంజా పైపులతో నడుమెత్తున ఒక అడ్డం, మోకాలెత్తున ఇంకో అడ్డం. ఈ పైపులు, పలకలు అద్దెకు దొరికేవే.

పత్తి సీజన్‌కు ముందే గోదాముల రిపేర్లు మొదలవుతాయి. ప్లాస్టిక్ రేకులకు లోపలి నుంచే ఎర్రరంగు గుర్తు వేయించి, పలకలు లేకుండా ఎవరినీ పైకి ఎక్కించవద్దని యజమానులకు ఆదేశం ఇవ్వండి.

ఇట్లు,
ఒక రేకుల పనివాడు, వరంగల్