కళ్లు తిరిగిన ప్రతిసారీ షుగర్ తగ్గినట్టు కాదు

అమ్మలూ,

నిన్న ఫోన్లో మాటల మధ్యలో అన్నావు కదా, స్నానాల దగ్గర క్యూ అయ్యేసరికి మెస్‌లో టిఫిన్ అయిపోతోందని, అయినా పొద్దున్నే నీకు ఆకలి కూడా వేయట్లేదని. మంచం మీంచి లేస్తే ఒక్కోసారి కళ్లు తిరుగుతున్నాయని కూడా అన్నావు, అని వెంటనే ఫిజిక్స్ టెస్టు సంగతిలోకి వెళ్లిపోయావు. హాస్టల్లో ఫోన్ ఇచ్చే ఆ కాసేపట్లో చెప్పే విషయం కాదిది, అందుకే రాస్తున్నాను. మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ప్రేయర్‌లో పడిపోయింది. అదెలా జరిగిందో, ఆ పిల్ల ఏం చేసి బాగుపడిందో చెప్తాను, అందులో సగం నీకు అలాగే పనికొస్తుంది.

ఆ పిల్ల రోజు ఎలా ఉండేదో ముందు విను. రాత్రి ఎనిమిదిన్నరకి అన్నం తినేది. పొద్దున అయిదున్నరకి లేచి ఆరింటికి ట్యూషన్, ఏడున్నరకి ఇంటికి, స్నానం, రెండు జడలు, ఎనిమిదీ పదికి బస్సు. మధ్యలో కడుపులో పడేది ఒక్క గ్లాసు టీ. నీళ్లు అసలు తాగేది కాదు, ఎందుకు తాగవమ్మా అని అడిగితే మొదట చెప్పలేదు, తర్వాత మెల్లిగా చెప్పింది, బడిలో బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని. ఆడపిల్లల్లో చాలామంది ఇలాగే చేస్తారు, పెద్దవాళ్లం టిఫిన్ తిన్నావా అని అడుగుతాం తప్ప నీళ్లు తాగావా అని అడగం.

ఆరోజు వాన వెలిసి ఎండ చుర్రుమంటోంది. ప్రేయర్, ప్రతిజ్ఞ, వార్తలు, ఆ తర్వాత బహుమతుల కార్యక్రమం ఒకటి, పిల్లలు ఇరవై నిమిషాలకి పైగా కదలకుండా నిలబడ్డారు. ఆ పిల్లకి ముందు ఆవులింతలు వచ్చాయట, తర్వాత చెవుల్లో గుయ్‌మని హోరు, ఒళ్లంతా చల్లటి చెమట, కళ్లు బైర్లు కమ్మాయి. అయినా అందరిముందూ కూర్చుంటే బాగోదని అలాగే నిలబడింది. పక్కపిల్ల పట్టుకోబట్టి తల నేలకి తగల్లేదు, లేకపోతే కథ వేరేగా ఉండేది.

అందరూ చుట్టూ మూగారు. ఒకరు లేపి కూర్చోబెట్టబోయారు, ఒకరు నోట్లో నీళ్లు పోయబోయారు, ఇంకొకరు షుగర్ డౌన్ అయింది చాక్లెట్ పెట్టండి అన్నారు. మూడూ ఆపించాను. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కూర్చోబెడితే తలకి రక్తం మళ్లీ తగ్గుతుంది. నీడలో వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద రెండు స్కూల్ బ్యాగులు పెట్టి ఎత్తుగా ఉంచాం. నిమిషం లోపే కళ్లు తెరిచి ఏమైంది మేడం అంది. నీ గదిలో ఎవరికైనా ఇలా అయితే ముందు చేయాల్సింది ఇదే, గుర్తుపెట్టుకో.

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. బడి పక్కనే ఆరోగ్య ఉపకేంద్రం ఉంది కాబట్టి సిస్టర్ పది నిమిషాల్లో వచ్చి, పిల్లకి ఏమీ పెట్టకముందే వేలు మీద పొడిచి షుగర్ చూసింది. 84. పూర్తిగా మామూలు. అక్కడున్న వాళ్లెవరూ నమ్మలేదు, రాత్రి నుంచీ తిండి లేని పిల్లకి షుగర్ ఎలా ఉంటుందని. నువ్వు బైపీసీ కాబట్టి నీకు తెలుసు, రాత్రంతా మనం తినకపోయినా కాలేయం దాచుకున్న గ్లైకోజెన్‌ని కరిగించి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, అది తగ్గుతుంటే వేరేవాటి నుంచి గ్లూకోజ్ తయారుచేసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఒక్క పూట తినకపోతే నీరసం వస్తుంది, తలనొప్పి వస్తుంది, పాఠం ఎక్కదు, కానీ షుగర్ పడిపోయి స్పృహ తప్పడం అరుదు. ఇన్సులిన్ వేసుకునే వాళ్ల సంగతి వేరు, వాళ్లకి నిజంగానే పడిపోతుంది, మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే చక్కెర ఇవ్వాల్సిందే.

మరి ఈ పిల్ల ఎందుకు పడింది? సిస్టర్ పడుకోబెట్టి బీపీ చూస్తే 104/66, నాడి 78. కాసేపాగి జాగ్రత్తగా పట్టుకుని నిలబెట్టి మళ్లీ చూస్తే బీపీ 88/60, నాడి 116. ఒంట్లో నీరు చాలనప్పుడు ఇలా అవుతుంది. కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, పిక్కల కండరాలు కదిలితేనే దాన్ని పైకి నెడతాయి. ఉన్న రక్తమే పలచన, దానికితోడు నీరు లేదు, ఎండ, కదలిక లేదు, ఒక్క క్షణం మెదడుకి చాలలేదు, అంతే. టిఫిన్‌కి దీనికీ సంబంధం ఎక్కడంటే, ఇడ్లీలో సగానికి పైగా నీరే, సాంబారులో నీరు, ఉప్పు రెండూ ఉన్నాయి. టిఫిన్ మానేసినవాళ్లు తిండితోపాటు పొద్దుటి నీళ్లూ ఉప్పూ కూడా మానేస్తున్నారు, ఆ సంగతి ఎవరికీ తట్టదు.

ఉన్న రక్తమే పలచన అన్నాను కదా, సిస్టర్ హిమోగ్లోబిన్ కూడా చూసింది, 9.8. ఈ వయసు ఆడపిల్లలకి కనీసం 12 ఉండాలి. మన దేశంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల అమ్మాయిల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు, కాబట్టి ఆ పిల్ల ఒక్కతే కాదు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని ఆ పిల్ల వేసుకోకుండా జేబులో పెట్టుకుని పారేసేదట, ఖాళీ కడుపుతో వేసుకున్నప్పుడు ఒకసారి వాంతి వచ్చిందని.

బాగుపడ్డ దారి ఒక్కరోజులో దొరకలేదు. వాళ్లమ్మ మొదట డబ్బాలో ఉప్మా పెట్టి పంపింది, బస్సులో నలుగురి మధ్య డబ్బా తీయడానికి సిగ్గేసి సాయంత్రం అలాగే తిరిగి తెచ్చింది. తర్వాత చిక్కగా రాగిజావ కాచి పెద్ద గ్లాసు తాగించింది, పొద్దున్నే అంత అలవాటు లేక కడుపులో తిప్పింది. నీకూ పొద్దున ఆకలి లేదన్నావు కదా, చాలారోజులు మానేసిన కడుపుకి అలాగే ఉంటుంది, ఒక్కసారిగా ప్లేటు నిండా పెడితే వికారమే వస్తుంది. చివరికి ఆ పిల్లే దారి వెతుక్కుంది. ట్యూషన్ నుంచి రాగానే సగం అరటిపండు, గుప్పెడు వేయించిన పల్లీలు, అంతే. వారం తర్వాత అరటిపండు మొత్తం తిన్నది, దానికి ఉడికించిన గుడ్డు చేరింది. ఇప్పుడు రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి ఉంచితే పొద్దున ఉప్పు, ఉల్లిపాయ ముక్క వేసుకుని అయిదు నిమిషాల్లో తినేసి బస్సెక్కుతోంది. చద్దన్నంలో ఉప్పూ నీరూ రెండూ ఉన్నాయి, పొయ్యి వెలిగించే పని లేదు, నాకైతే ఆ పిల్లకి ఇంతకంటే సరిపోయేది ఏదీ కనిపించదు.

నీళ్ల సంగతి ఇంకా తెలివిగా సర్దుకుంది. అయిదున్నరకి లేవగానే రెండు పెద్ద గ్లాసులు, అంటే దాదాపు అరలీటరు తాగుతుంది. బస్సెక్కేలోపు రెండున్నర గంటలు ఉంది కాబట్టి బాత్రూమ్ పని ఇంట్లోనే అయిపోతుంది, భయం పోయింది. రక్తదానం చేసేవాళ్లకి కూడా కళ్లు తిరగకుండా ముందు అరలీటరు నీళ్లు తాగమనే చెప్తారు, కాబట్టి ఇది చిన్న విషయం అనుకోకు.

ప్రేయర్‌లో మోకాళ్లు బిగించి కర్రలా నిలబడొద్దని, కాలివేళ్ల మీద కాస్త లేస్తూ దిగుతూ ఉండమని సిస్టర్ చెప్పింది. చెవుల్లో హోరు మొదలైతే తొడలు దగ్గరగా నొక్కి పిడికిళ్లు బిగించాలి, అయినా తగ్గకపోతే ఎవరేమనుకున్నా వెంటనే కింద కూర్చోవాలి. మా పీఈటీ సార్ కూడా ఆ వారం నుంచే పిల్లలకి చెప్పేశారు, కళ్లు తిరిగితే అడగక్కర్లేదు, కూర్చోండి అని.

రక్తం మాత్రం తిండితోనే పెరగలేదు, ఆ విషయంలో నీకు అబద్ధం చెప్పను. 9.8 ఉన్నప్పుడు తోటకూర, బెల్లం తిని సరిపెట్టుకోవడం కుదరదు. పీహెచ్‌సీ డాక్టరు మూడు నెలలు రోజూ వేసుకోమని ఐరన్ మాత్రలు రాసి, నులిపురుగులకి ఒక మాత్ర ఇచ్చారు. మధ్యాహ్న భోజనం అయ్యాక వేసుకుంటే వాంతి రాలేదు. మలం నల్లగా వస్తే భయపడొద్దని ముందే చెప్పబట్టి మానేయలేదు. పొద్దుటి టీ సాయంత్రానికి మార్చింది, ఎందుకంటే టీ తిండితోగానీ మాత్రతోగానీ పడితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఎడం ఉండాలి. నిమ్మకాయ అయితే దానికి సాయం చేస్తుంది, పప్పులో పిండుకుంటే చాలు. మూడు నెలలకి 11.7 వచ్చింది. ఇంకా 12 కాలేదు కాబట్టి డాక్టరు మాత్రలు కొనసాగించమన్నారు. ఆ పిల్ల మళ్లీ పడిపోలేదు.

ఇప్పుడు నీ సంగతి. నీకు నెలసరి వారం దాటి ఉంటోందా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా, గడ్డలు పడుతున్నాయా? నాన్న ముందు ఫోన్లో చెప్పలేకపోతే మెసేజ్ పెట్టు. అమ్మాయిల్లో రక్తం తగ్గడానికి పెద్ద కారణాల్లో అదొకటి, అది సరిచేయకుండా ఎన్ని మాత్రలు వేసినా కారిపోతూనే ఉంటుంది. ఆడుతున్నప్పుడో మెట్లెక్కుతున్నప్పుడో పడిపోయినా, గుండె దడదడలాడి కళ్లు తిరిగినా, ఇవేవీ కాకుండా అదేపనిగా దాహం వేసి బరువు తగ్గుతున్నా, టిఫిన్ గురించి ఆలోచించకుండా వెంటనే నాకు చెప్పు, అది వేరే లెక్క, డాక్టరు చూడాలి.

ఆదివారం నాన్న వస్తున్నాడు. వేయించిన పల్లీలు, వేయించిన శనగలు, పల్లీ చిక్కీ వేరే వేరే డబ్బాల్లో పెట్టాను, లీటరు స్టీలు సీసా ఒకటి కొన్నాను. రాత్రి పడుకునే ముందు సీసా నింపి తలదగ్గర పెట్టుకో, లేవగానే సగం తాగు, మంచం మీంచి ఒక్కసారి లేవకుండా కాసేపు కూర్చుని లే. క్యూలో నిలబడేటప్పుడే గుప్పెడు పల్లీలు తినేయొచ్చు. స్నానం రాత్రికి మార్చుకుంటే క్యూ గొడవే ఉండదేమో, మీ గదిలో వాళ్లతో మాట్లాడి చూడు. అప్పుడు మెస్‌లో రెండు ఇడ్లీలు తినే టైము దొరుకుతుంది. నాన్నతో వెళ్లి రక్తపరీక్ష చేయించుకో, సీబీపీ అని అడిగితే చాలు, దానికి పరగడుపుతో ఉండక్కర్లేదు, తినే వెళ్లు. రిపోర్టు రాగానే హిమోగ్లోబిన్ ఎదురుగా ఉన్న అంకె నాకు పంపు.

మీ అమ్మ