వార్షిక నివేదిక: పిన్ దూరితే సరిపోదు

సభ్యులందరికీ నమస్కారం.

ఛార్జర్లు, ఫోన్ కవర్లు అమ్మే దుకాణదారులమంతా కలిసి మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది నిబంధన. దానితో పాటు, ఈ ఏడాది నిజంగా కష్టపడ్డవాళ్ల పని రికార్డులో ఉండాలన్నది నా కోరిక.

ముందు కృతజ్ఞతలు. ఏ సరుకు ఏ మోడల్‌కు సరిపోతుందో తేల్చి రాసుకోవడానికి పెట్టిన లేబుల్ శిబిరానికి క్లాక్ టవర్ దగ్గరి తన మేడ మీది గదిని ఒక్క రూపాయి తీసుకోకుండా ఇచ్చిన మన సీనియర్ సభ్యుడికి, దుకాణాలు మూసుకుని పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మిర్యాలగూడ, హాలియా, నకిరేకల్ సభ్యులకు, రాత్రి పదకొండు దాకా కూర్చుని మోడల్ నంబర్లు టైప్ చేసిన దేవరకొండ తమ్ముళ్లకు, అందరికీ భోజనం పంపిన మా కోశాధికారి ఇంటివారికి సంఘం రుణపడి ఉంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఆ శిబిరమే. దానికి కారణం ఒక డెల్ ఛార్జర్. అది నా దుకాణంలోనే జరిగింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

దేవరకొండ నుంచి డిగ్రీ చదివే ఒక అమ్మాయి వాట్సాప్‌లో ఛార్జర్ అడిగింది. నేను పెట్టిన వివరణ ఇంతే: “డెల్ ఛార్జర్, చిన్న పిన్, 65 వాట్స్.” బస్సు పార్సిల్‌లో పంపాను. మర్నాడు ఫోన్ వచ్చింది. “అన్నా, పిన్ మంచిగనే పట్టింది, ల్యాప్‌టాప్ ఆన్ అయితుంది గానీ బ్యాటరీ ఎక్కుతలేదు.” స్క్రీన్ ఫోటో కూడా పంపింది. దాని మీద ఇలా ఉంది: The AC power adapter wattage and type cannot be determined. అంటే ఛార్జర్ ఎన్ని వాట్లదో, ఏ రకమో ల్యాప్‌టాప్‌కు తెలియడం లేదు.

ఛార్జర్ వాపసు వచ్చాక చూస్తే డబ్బా మీద హోల్‌సేల్ వాళ్లు వేసిన స్టిక్కర్‌లో డెల్, హెచ్‌పీ రెండు పేర్లూ ఉన్నాయి. లోపల ఉన్నది మాత్రం హెచ్‌పీ నీలి పిన్ ఛార్జర్. ఆ పిన్ బయటి కొలత 4.5 మిల్లీమీటర్లు, లోపలి కొలత 3.0. డెల్ చిన్న పిన్ కొలతా అదే. రెండింటి మధ్యలోనూ సన్నని సూది ఉంటుంది. మీటర్ పెట్టి చూసినా రెండూ 19.5 వోల్టులే చూపిస్తాయి. అందుకే కౌంటర్ మీద పరీక్షించి “బాగుంది” అనుకుని పంపేస్తాం.

తేడా ఆ సూదిలో ఉంది. డెల్ ఛార్జర్ లోపల ఒక చిన్న చిప్ ఉంటుంది. నేను ఇన్ని వాట్ల ఛార్జర్‌ని అని అది సూది ద్వారా ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. ఆ కబురు అందకపోతే ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీని నింపదు, వేగం కూడా తగ్గించుకుంటుంది. పిన్ దూరింది కాబట్టి సరిపోయిందని గిరాకీ అనుకుంటుంది, మనమూ అనుకుంటాం. పిన్ అసలు పట్టకపోతే అప్పుడే తెలిసిపోయేది. ఇలా పిన్ పట్టి కూడా పనిచేయని వాటి వల్లనే గొడవలు ఎక్కువ.

ఒక్క జాగ్రత్త. అదే సందేశం ల్యాప్‌టాప్ జాక్‌లో సూది విరిగినా, వైరు లోపల తెగినా వస్తుంది. కాబట్టి వాపసు తీసుకునే ముందు, మంచిదని తెలిసిన డెల్ ఛార్జర్ ఇంకొకటి పెట్టి చూడండి. దానికీ అదే సందేశం వస్తే తప్పు ల్యాప్‌టాప్ జాక్‌లోనే ఉండొచ్చు. ఆన్ చేసేటప్పుడు F2 నొక్కి బయోస్‌లో ఛార్జర్ వాట్లు కనిపిస్తున్నాయా లేదా అన్నది కూడా చూడొచ్చు.

శిబిరంలో ఈ ఛార్జర్‌నే బల్ల మీద పెట్టి, వివరణ ఎలా రాయాలో అందరం కలిసి తేల్చాం. మధ్యాహ్నానికి కుదిరిన మాటలు ఇవి:

“డెల్ ల్యాప్‌టాప్ ఛార్జర్, 65 వాట్లు. అవుట్‌పుట్ 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు. పిన్ బయట 4.5, లోపల 3.0 మిల్లీమీటర్లు, మధ్యలో సూది. ఇన్‌స్పిరాన్ 15 3567కు సరిపోతుంది. 7.4 మిల్లీమీటర్ల పెద్ద పిన్ ఉండే ఇన్‌స్పిరాన్ 15 3521కు పట్టదు. హెచ్‌పీకి కాదు. కొనే ముందు మీ పాత ఛార్జర్ లేబుల్ ఫోటో పంపండి.”

ఇందులో “పట్టదు”, “కాదు” అన్న మాటలు రాయడానికి చాలామంది ఒప్పుకోలేదు, బేరం పోతుందని. బేరం పోతుంది నిజమే, కానీ అది ఎలాగూ వాపసు వచ్చే బేరమే. పైగా రానూ పోనూ పార్సిల్ ఖర్చు మన నెత్తిన పడుతుంది.

మోడల్ పేరు ఎందుకు పూర్తిగా రాయాలో ఆ రెండు ఇన్‌స్పిరాన్‌లే చెబుతాయి. గిరాకీ ఫోన్ చేసి “ఇన్‌స్పిరాన్ 15” అని ఊరుకుంటుంది. ఆ పేరుతో ఏళ్ల తరబడి ఎన్నో మోడళ్లు వచ్చాయి, పిన్నులు మారాయి. కాబట్టి నాలుగంకెల నంబర్ అడగండి. తెలియదంటే విండోస్ కీ, R కలిపి నొక్కి msinfo32 అని టైప్ చేయమనండి. System Model అన్న వరుసలో పూర్తి పేరు కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే అడుగున ఉన్న స్టిక్కర్ మీది ఏడక్షరాల Service Tag ఫోటో చాలు. దాన్ని డెల్ వెబ్‌సైట్‌లో కొడితే మోడల్ తెలుస్తుంది.

ఆంపియర్ల గురించి మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. వోల్టులు సరిగ్గా కలవాలి. ఆంపియర్లు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. 65 వాట్లు కావాల్సిన ల్యాప్‌టాప్‌కు 2.31 ఆంపియర్ల 45 వాట్ల ఛార్జర్ ఇస్తే పని నెమ్మదిస్తుంది, బ్యాటరీ ఎక్కడానికి గంటలు పడుతుంది. గిరాకీ మాత్రం “డూప్లికేట్ ఇచ్చిండు” అంటుంది.

ఫోన్ కవర్ల వైపు ఈ ఏడాది ఒక్క మోడల్ కుటుంబం జాబితానే పూర్తి చేయగలిగాం, రెడ్‌మీ నోట్ 10. “నోట్ 10 సిరీస్” అని స్టిక్కర్ వేసి అమ్మడం ఆపాలని తీర్మానించాం. నోట్ 10, నోట్ 10ఎస్ ఒకే కొలత. నోట్ 10 ప్రో వెడల్పు వాటికంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. నోట్ 10టీ 5జీ బాడీ వేరు, అది పోకో ఎం3 ప్రో 5జీతో కలుస్తుంది. ఈ ఒక్క ముక్క తెలిసినందుకు హాలియాలో ఒక సభ్యుడు అమ్ముడుపోక మూలన పడేసిన పోకో కవర్లన్నీ అమ్ముకోగలిగాడు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కాపీ కోశాధికారి దగ్గర ఉంది, చూడదలచినవారు చూడవచ్చు. సభ్యత్వ రుసుము బకాయి ఉన్నవారు ఈ నెలలో కట్టాలి.

కొన్ని విషయాలు బాధతోనే రాస్తున్నాను. శిబిరానికి వస్తామని చేయెత్తినవారిలో సగం మంది రాలేదు. రాని వారే ఇప్పుడు వాట్సాప్‌లో “ఆ లిస్టు పెట్టండి” అంటున్నారు. లిస్టు తయారుచేయడానికి మనుషులు కావాలి. ప్యాకెట్ల మీద ఉండాల్సిన వివరాల గురించి మాట్లాడమని ఒక అధికారిని మూడుసార్లు వెళ్లి పిలిచాం. వస్తానన్నారు, ఆ రోజు ఫోన్ ఎత్తలేదు. ఆయన కోసం వేసిన కుర్చీ సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది. సరుకు పంపే హోల్‌సేల్ వాళ్లకు కూడా డెల్, హెచ్‌పీ కలిపి స్టిక్కర్ వేయవద్దని ఉత్తరం రాశాం, జవాబు రాలేదు. వాళ్లు మారేదాకా డబ్బా మీది మాట నమ్మకుండా ఛార్జర్ ఇటుక మీది లేబుల్ చదివి మన స్టిక్కర్ మనమే వేసుకోవాలి.

వచ్చే ఏడాది లెనోవో, హెచ్‌పీ ఛార్జర్ల జాబితా మొదలుపెడతాం. ఒక్కోదానికి ఇద్దరు మనుషులు కావాలి. పేర్లు ఈ సమావేశంలోనే ఇవ్వండి. పిన్ను కొలవడానికి సంఘం రెండు కాలిపర్లు కొన్నది. ఒకటి ఆఫీసులో ఉంది, రెండోది తీసుకెళ్లిన సభ్యుడు ఇంకా తిరిగి ఇవ్వలేదు. జాబితా పని అది లేక ఆగింది కాబట్టి ఈ ఆదివారం లోపు తెచ్చి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి,
నల్లగొండ