అమ్మడూ, మీటింగుల్లో మాట్లాడటం లేదటగా

అమ్మడూ,

ఇక్కడ అందరం బాగున్నాం. సత్యనారాయణపురంలో ఎండలు మొదలయ్యాయి, అమ్మ గోంగూర పచ్చడి పెట్టింది. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది, పనుందిలే అనుకున్నాం. మొన్న సీనుగాడు మాటల్లో అన్నాడు, మీటింగులో ఆ స్కాట్లాండ్ ఆయన "మళ్ళీ చెప్పు" అంటున్నాడని నువ్వు అసలు నోరు విప్పడం మానేశావట. నిజమేనా?

రాత్రిళ్ళు మేలుకుంటున్నావా? పెరుగన్నం మానకు.

నేను తెనాలి వైపు చిన్న రైల్వే స్టేషన్‌లో మాస్టరుగా చేసేటప్పుడు కంట్రోల్ ఫోన్‌లో గరగర తప్ప ఏమీ వినపడేది కాదు. పక్క స్టేషన్‌కి బీహార్ నుంచి కొత్త మాస్టరు వచ్చాడు, ఆయన యాస నాకు, నా యాస ఆయనకీ అర్థమయ్యేది కాదు. ఒక రాత్రి ట్రాక్ పని జరుగుతోంది, స్పీడు "ఫిఫ్టీన్" అన్నాడు, నాకు "ఫిఫ్టీ" అని వినపడింది. డ్రైవర్‌కి నేనే ఆ స్పీడు కాషన్ ఆర్డర్‌లో రాసివ్వాలి. మాకు బండి పంపే ముందు లైన్ క్లియర్‌కి పక్క స్టేషన్‌తో ప్రైవేట్ నంబర్లు ఒక్కో అంకె విడదీసి చెప్పుకోవడం, విన్నది తిరిగి చదవడం అలవాటు కదా, అదే చేశాను. "ఫైవ్, జీరో" అన్నాను. "నో నో, వన్, ఫైవ్" అన్నాడాయన. అంతే, 15 అని రాశాను. తిరిగి చదివితే ఎవరూ తప్పుపట్టరు, అడిగినందుకు ఆయనే థాంక్స్ చెప్పాడు.

నువ్వూ అంకెలు విడదీసి చెప్పి, ఆ వెంటనే చాట్‌లో కొట్టు. "కాంట్" అనకు, చివరి టకారం లైన్లో పోతే ఒప్పుకున్నట్టు అవుతుంది, "కెనాట్" అను. ఒక వాక్యం చెప్పి ఆగు. గట్టిగా అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, స, ఫ లాంటివి సన్నగానే ఉండిపోతాయి. పాత ఫోన్ లైను 3400 హెర్ట్జ్ దాకానే పంపేది, సకారం బలమంతా దానికి పైనే, అందుకే ఎస్సూ ఎఫ్ఫూ ఒక్కలా వినపడేవి. నీ బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కూడా మైక్ ఆన్ కాగానే చాలాసార్లు అలాగే నాణ్యత తగ్గించేస్తుంది. వైరుది పెట్టుకుని మైకు నోటికి కాస్త పక్కగా ఉంచు, నేరుగా ఎదురుగా వద్దు, ఊపిరి కొడుతుంది. మాట్లాడేటప్పుడు ఫ్యాను తగ్గించు. తర్వాత నీ గొంతు రికార్డు చేసుకుని విను, ఎక్కడ మింగేస్తున్నావో నీకే తెలుస్తుంది.

ఆయన మాట నీకు అర్థం కాకపోతే ఉత్త "సారీ?" అనకు. అంటే ఆయన అదే వేగంతో మొత్తం మళ్ళీ చెప్తాడు. "గురువారం అన్నారా, శుక్రవారమా?" అని పోయిన ముక్కనే అడుగు.

ఇన్ని చెప్పాలని కూర్చోలేదు. నువ్వు మాట్లాడటం మానేశావన్న మాటే మింగుడు పడటం లేదు నాకు. సీనుగాడు శనివారం బెంగళూరు వస్తున్నాడు, వైరు ఇయర్‌ఫోను, పచ్చడి సీసా పంపుతున్నా. సీసా మూతకి టేపు వేశాను, జాగ్రత్తగా తీయి. అందగానే ఫోన్ చెయ్యి.

నాన్న