టీచర్‌గారికి అభినందన రాసే ముందు

ఏరా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చదివాను. పేరెంట్స్ అసోసియేషన్ కార్యదర్శి పని నీ నెత్తిన పడిందని, రెండు వారాల్లో అవార్డు వచ్చిన టీచర్‌గారికి అభినందన పత్రం రాయాలని, ఏం రాసినా పెళ్లి శుభలేఖలాగే ఉంటోందని టెన్షన్ పడుతున్నావు కదా. పోయినేడాది నేనూ సరిగ్గా అక్కడే ఇరుక్కున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా పిల్లల లెక్కల టీచర్‌గారికి అవార్డు వచ్చినప్పుడు నేను రాసిన మొదటి చిత్తు ఇలా మొదలైంది: "మీ అంకితభావం, నిరంతర కృషి మా అందరికీ స్ఫూర్తిదాయకం." రాసి మా ఆవిడకు వినిపించాను. "లెక్కల టీచర్ పేరు తీసేసి డ్రిల్లు మాస్టారి పేరు పెట్టినా సరిపోతుంది కదండీ" అంది. నిజమే. అందులో ఆ టీచర్ లేరు, పొగడ్త మాత్రమే ఉంది.

తర్వాత ఆలోచిస్తే ఒకటి తట్టింది. అవార్డు ఇచ్చేవాళ్లు టీచర్ ఫలితాలు చూస్తారు, పాఠం చూస్తారు, రికార్డులు చూస్తారు. వాళ్లకు కనిపించనిది పిల్లాడు ఇంటికి వచ్చాక జరిగేది. అది చూసేది మనమే. టీచర్‌గారికి కూడా అది కనబడదు. తాను చెప్పింది గది దాటాక ఏమైందో ఆమెకు ఎవరో చెప్తేనే తెలుస్తుంది. మనం ఇవ్వగలిగింది అదేరా. అవార్డు పత్రంలో ఉన్న మాటలనే మళ్లీ మనం చదివితే ఆమెకు కొత్తగా అందేది ఏముంటుంది?

సరే, ఆ సంగతులు తల్లిదండ్రుల నుంచి ఎలా రాబట్టాలి? నేను మొదట "టీచర్‌గారి గురించి రెండు మాటలు పంపండి" అని అడిగి దెబ్బతిన్నాను. వచ్చినవన్నీ "చాలా మంచి టీచర్", "బాగా చెప్తారు". ప్రశ్న మార్చాను: "ఈ ఏడాది మీ పిల్లలు ఇంట్లో టీచర్‌గారి మాటగానీ, పద్ధతిగానీ వాడిన ఒక్క సందర్భం చెప్పండి." ఈసారి ఏడుగురే రాశారు. కానీ ఆ ఏడూ బంగారం.

ఒకావిడ రాసింది చెప్తాను. వాళ్లబ్బాయి లెక్క తప్పితే నోట్సు పరుపు కింద దాచేసేవాడట. ఈ టీచర్‌గారు తప్పయిన లెక్కను మొత్తం కొట్టేయరు. ఏ మెట్టు దగ్గర తప్పిందో అక్కడ పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి, పక్కన "ఇక్కడిదాకా కరెక్టే" అని రాస్తారు. కొన్నాళ్లకు వాడు నోట్సు తానే తెచ్చి, "అమ్మా, సున్నా ఎక్కడుందో చూడు, ఈసారి చివరిదాకా వచ్చేశాను" అన్నాడట. పై చిత్తు చింపేసి, ఈ సంగతితోనే పత్రం మొదలుపెట్టాను. దీని తర్వాత "అంకితభావం" అన్న మాట అవసరమే రాలేదు.

అయితే వాడి పేరు రాయలేదు. వాళ్లమ్మను అడిగి, "ఒక బాబు" అని మాత్రమే రాశాను. నలుగురిలో చదివే కాగితంలో లెక్కలు రాని పిల్లాడిగా వాడు నిలబడకూడదు కదా. ఏడూ పెట్టాలన్న ఆశ కూడా చంపుకున్నాను. మూడు చాలు, అంతకుమించితే జాబితా అయిపోతుంది. మిగతా నాలుగూ వాళ్ల చేతిరాతల్లోనే కవర్లో పెట్టి ఇచ్చాం.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్తున్నాను. మీ కమిటీలో ఎవరో ఒకరు "మా అసోసియేషన్ సహకారంతో" అని ఒక వాక్యం ఇరికించమంటారు. "వచ్చే ఏడాది కూడా ఇలాంటి ఫలితాలే ఆశిస్తున్నాం" అనీ అంటారు. రెండూ ఒప్పుకోకు. మొదటిది ఆమె అవార్డులో మనం వాటా అడగడం, రెండోది అభినందన పేరుతో పని అప్పజెప్పడం. "నిద్రాహారాలు మాని" లాంటివి కూడా వద్దు. ఆమెకు తెలుసు కదా అవి నిజం కాదని. ఒక్క అబద్ధం కనిపిస్తే పక్కనున్న నిజాన్ని కూడా నమ్మబుద్ధి కాదు.

చదవడం మా ప్రెసిడెంటుగారు కాకుండా ఆ బాబు వాళ్లమ్మే చదివింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. మధ్యలో ఒకచోట గొంతు తడబడింది, ఆగి మళ్లీ చదివింది. అంతా అయ్యాక టీచర్‌గారు కాగితం తీసుకుని ఆ మొదటి పేరా మళ్లీ చూసుకున్నారు. "ఆ సున్నాలు పిల్లలు పట్టించుకుంటున్నారో లేదో నాకు ఇన్నాళ్లూ తెలియదండీ" అన్నారు.

నువ్వు ముందు ఆ ప్రశ్న రేపే పంపించు, జవాబులు రావడానికి కనీసం వారం పడుతుంది. వచ్చినవి నాకు పంపితే కూర్చుని కలిసి ఏరుదాం.

నీ స్నేహితుడు