డెంగీ సెలవు చీటీలో జబ్బు చరిత్ర ఎందుకు? కార్మిక శాఖ మంత్రి గారికి ఒక డాక్టర్ బహిరంగ లేఖ

తెలంగాణ కార్మిక, ఉపాధి, శిక్షణ, ఫ్యాక్టరీల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్కన చిన్న ఆసుపత్రి నడుపుతున్నాను. వానాకాలం మొదలైందంటే మా దగ్గరికి వచ్చే జ్వరాల్లో డెంగీ కేసులు ఎక్కువ. వైద్యం వరకు మాకు పెద్ద ఇబ్బంది లేదు. తగ్గి ఇంటికి వెళ్లే ముందు కార్మికుడు అడిగే ఒక్క కాగితం దగ్గరే ప్రతిసారీ పేచీ వస్తోంది. అదే మెడికల్ సర్టిఫికెట్. ఫ్యాక్టరీ తెలుసుకోవాల్సింది రెండే విషయాలు: ఈ మనిషి ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనికి రాలేడు, వచ్చాక ఏ పని చేయగలడు. హాజరు, సెలవులు చూసే టైమ్ ఆఫీసులు అడుగుతున్నది మాత్రం రక్త పరీక్షల రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ, జబ్బు పూర్తి వివరం. దీన్ని సరిచేయడం మీ శాఖ చేతిలో ఉన్న పని కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను.

ఒక కేసు చెబుతాను. ఆయన అనుమతితోనే, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. వయసు ముప్ఫై దాటింది, పవర్ ప్రెస్ ఆపరేటర్. జీతం రూ.21,000 దాటడంతో ఈఎస్‌ఐ పరిధి నుంచి బయటపడ్డాడు. సెప్టెంబర్ 3న డ్యూటీలోనే జ్వరం వచ్చింది. 4న ఇంట్లో పడుకున్నాడు, 5న మా దగ్గరికి వచ్చాడు. డెంగీని తేల్చే ఎన్‌ఎస్‌1 పరీక్ష పాజిటివ్. 6న చేర్చుకున్నాం. 8న జ్వరం తగ్గింది. డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు టెన్షన్. రక్తనాళాల నుంచి నీరు బయటికి కారడం, బీపీ పడిపోవడం, ప్లేట్‌లెట్లు తగ్గడం అన్నీ అప్పుడే కనిపిస్తాయి. ఆయనకి 9న ప్లేట్‌లెట్లు 41 వేలకు దిగాయి, తర్వాత వాటంతట అవే పెరిగాయి. 12న ఇంటికి పంపాం.

ఆ రోజు నేను రాసిచ్చిన సర్టిఫికెట్‌లో 5 నుంచి 18 వరకు విశ్రాంతి అవసరమని, 18న మళ్లీ పరీక్ష చేస్తామని మాత్రమే ఉంది. 4వ తేదీ నేను చూసింది కాదు కాబట్టి, ఆ ఒక్క రోజు రోగి చెప్పిన ప్రకారం అని విడిగా రాశాను. ఫ్యాక్టరీ ఆ కాగితాన్ని తిప్పి పంపింది. జబ్బు పేరు లేదు, రిపోర్టులు జత చేయలేదు, అవి లేకపోతే లాస్ ఆఫ్ పే అన్నారు. ఆయన భయపడి మొత్తం ఫైలు ఫొటోలు తీసి సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో పంపాడు. సూపర్‌వైజర్ వాటిని షిఫ్టు గ్రూపులో పెట్టాడు.

ఆ ఫైల్లో లివర్ పరీక్ష కూడా ఉంది. ఎస్‌జీఓటీ 240, ఎస్‌జీపీటీ 130. డెంగీలో లివర్ ఎంజైములు పెరగడం మామూలే, అందులోనూ ఎస్‌జీఓటీయే ఎక్కువ పెరుగుతుంది. మద్యం వల్ల లివర్ దెబ్బతిన్న వాళ్లలోనూ ఎస్‌జీఓటీయే ఎక్కువ ఉంటుంది. గ్రూపులో ఎవరో ఇంటర్నెట్‌లో చూసి ‘తాగి తాగి లివర్ పాడు చేసుకున్నాడు’ అని తేల్చేశారు. ఆయనకి మందు అలవాటే లేదు. అయినా ఆ మాట షిఫ్టంతా పాకింది. అదే ఫైల్లో, చేర్చుకునేటప్పుడు మేం చేసే హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ పరీక్షల కాగితం కూడా ఉంది. ఆయనవి నెగెటివ్, అదృష్టం. పాజిటివ్ అయ్యుంటే ఆ గ్రూపులో ఏం జరిగేదో మీరే ఊహించుకోవచ్చు. డెంగీకి సెలవు అడిగిన మనిషి తన షుగరు, తన పాత టీబీ, తన అలవాట్లు అన్నీ టైమ్ ఆఫీసు బల్ల మీద పరచాల్సిన పనేమిటి?

డెంగీ అంటుకుంటుందేమో, అందుకే పేరు అడుగుతున్నాం అని కొందరు మేనేజర్లు నాతో అన్నారు. మనిషి నుంచి మనిషికి పక్కన కూర్చున్నందుకో, కలిసి భోంచేసినందుకో అది రాదు. దోమ కుడితేనే వస్తుంది. రక్తంలో వైరస్ ఉండేది ఎక్కువగా జ్వరం మొదటి వారంలోనే. డ్యూటీకి తిరిగి వచ్చే సమయానికి ఆ దశ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. దోమల నివారణకు కేసు సమాచారం ఆరోగ్య శాఖకు, జిల్లా మలేరియా అధికారికి వెళ్లాలి. అది మేం పంపే దారి వేరు, దానికీ సెలవు చీటీకీ సంబంధం లేదు. ఫ్యాక్టరీ ఆవరణలో నీళ్లు నిలిచిన డ్రమ్ములు, పాత టైర్లు ఎన్ని ఉన్నాయో చూడడానికి మాత్రం ఎవరి రిపోర్టూ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి, రిపోర్టులు చూసినా ఫ్యాక్టరీకి తెలియనిది. 18న ఆయన మళ్లీ వచ్చాడు. ప్లేట్‌లెట్లు లక్షా 90 వేలు, పూర్తిగా నార్మల్. జ్వరం లేదు, ఆకలి వేస్తోంది. హెచ్‌ఆర్ ఆ నంబరు చూసి రేపే రమ్మన్నారట. పడుకోబెట్టి బీపీ చూస్తే పై అంకె 120. లేచి నిలబడ్డాక మూడు నిమిషాలకు 94. కళ్లు తిరుగుతున్నాయని మంచం పట్టుకున్నాడు. డెంగీ తగ్గాక ఇలాంటి నీరసం, తల తిరగడం వారం రెండు వారాలు ఉండొచ్చు, కొందరికి ఇంకా ఎక్కువ. ఆ మనిషిని పవర్ ప్రెస్ ముందు నిలబెడితే? రేకును నొక్కే డై కింద వేలు పెట్టి ముక్క సర్దే పనిలో అర సెకను తల తిరిగితే చాలు. ప్లేట్‌లెట్ నంబరు ఆ సంగతి చెప్పదు. నిలబెట్టి చూసిన డాక్టరే చెప్పగలడు. అందుకని విశ్రాంతి 23 దాకా పొడిగించాను. 23న మళ్లీ చూస్తే బీపీ నిలకడగా ఉంది, మా మెట్లు రెండు అంతస్తులు ఎక్కి దిగినా ఆయాసం రాలేదు. అప్పుడు రాసిచ్చిన కాగితం ఇది:

‘కింద సంతకం చేసిన వ్యక్తిని నేను సెప్టెంబర్ 5, 12, 18, 23 తేదీల్లో పరీక్షించాను. అనారోగ్యం వల్ల సెప్టెంబర్ 5 నుంచి 23 వరకు ఆయనకు విశ్రాంతి అవసరమైంది. 24 నుంచి పనిలో చేరడానికి ఆయన ఆరోగ్యం అనుకూలంగా ఉంది. సెప్టెంబర్ 30 వరకు పవర్ ప్రెస్, ఎత్తులో చేసే పని, ఓవర్‌టైమ్, నైట్ షిఫ్టు వద్దు. కూర్చుని చేసే పని, తనిఖీ పని చేయవచ్చు. అక్టోబర్ 1 నుంచి మామూలు డ్యూటీ.’

దాని కింద రోగి సంతకం, ఒక గుర్తు, అంటే పుట్టుమచ్చ ఎక్కడుందో ఆ వివరం, నా పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, తేదీ, రిజిస్టర్‌లో క్రమ సంఖ్య. జబ్బు పేరు ఎక్కడా లేదు. అయినా షిఫ్టు ఇన్‌చార్జికి కావలసిన ప్రతి సమాచారం ఉంది. ‘వైరల్ ఫీవర్, ఫిట్ టు జాయిన్’ అని ఒక ముక్కలో రాసే సర్టిఫికెట్ కన్నా ఇది ఆ ఇన్‌చార్జికి ఎంతో ఎక్కువ పనికొస్తుంది. పైగా మా డాక్టర్లు చాలామంది డిశ్చార్జ్ రోజే ‘పది రోజులు విశ్రాంతి, పదకొండో రోజు నుంచి ఫిట్’ అని ఒకే కాగితం మీద రాసిచ్చేస్తారు. పది రోజుల తర్వాత ఆ మనిషి ఎలా ఉంటాడో ముందే చెప్పడం వైద్యం కాదు, జాతకం. విశ్రాంతి సర్టిఫికెట్ ఒక రోజు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మళ్లీ చూశాక ఇంకో రోజు రాయాలి.

హెచ్‌ఆర్ వాళ్ల అనుమానానికి కారణం లేదని అనను. చూడకుండానే డబ్బులు తీసుకుని సెలవు చీటీలు రాసే వాళ్లు మాలో ఉన్నారు, ఏ పారిశ్రామికవాడలో అడిగినా చెబుతారు. అయితే దొంగ సర్టిఫికెట్ రాసేవాడికి జబ్బు పేరు రాయడం ఏం కష్టం? అసలైనదో కాదో తేల్చాలంటే చూడాల్సింది జబ్బు పేరు కాదు, డాక్టర్ రిజిస్టర్. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనలు మెడికల్ సర్టిఫికెట్ల రిజిస్టర్ పెట్టాలని, కాపీ ఉంచుకోవాలని, రోగి సంతకం లేదా వేలిముద్ర, గుర్తు తప్పక రాయాలని చెబుతున్నాయి. ఫ్యాక్టరీ నాకు ఫోన్ చేసి ‘ఈ నంబరు సర్టిఫికెట్ మీరే ఇచ్చారా, తేదీలు ఇవేనా’ అని అడిగితే నిమిషంలో చెబుతాను. జబ్బేమిటని అడిగితే, రోగి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప చెప్పను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రోగి రహస్యాలు బయటపెట్టకూడదని చెప్పే ఆ నిబంధనల్లోనే, చివర ఇచ్చిన సెలవు సర్టిఫికెట్ నమూనాలో ‘ఫలానా జబ్బుతో బాధపడుతున్నారు’ అనే ఖాళీ ఉంది. జబ్బు స్వభావం, లక్షణాలు, కారణాలు క్లుప్తంగా జతచేయాలని కింద ఒక గమనిక కూడా ఉంది. ‘గవర్నమెంట్ మెడికల్ అటెండెంట్’ అనే మాట చూస్తేనే అది సర్కారు ఉద్యోగుల సెలవుల పద్ధతిలో పుట్టిన నమూనా అని తెలుస్తుంది. ప్రైవేటు ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసు ఆ గమనికనే చూపించి మమ్మల్ని నిలదీస్తోంది. కేంద్రం నమూనాను మీరు మార్చలేరని తెలుసు. యాజమాన్యాలు ఏం అడగాలో, ఏం అడగకూడదో చెప్పడం మాత్రం మీ శాఖ చేయగలిగిన పనే.

ఈఎస్‌ఐలో ఉన్న వాళ్ల సంగతి వేరు. సగటు రోజు వేతనంలో 70 శాతం చెల్లించేది ఈఎస్‌ఐ, వైద్యం చేసేదీ అదే, కాబట్టి డిస్పెన్సరీ డాక్టర్‌కి జబ్బు తెలియాలి. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి వివరాలు బీమా కంపెనీకి వెళ్లాలి. సిలికోసిస్, సీసం విషం లాంటి వృత్తి వ్యాధులు ఫ్యాక్టరీల శాఖకు తెలియజేయాల్సిందే. వీటిలో దేన్నీ మార్చమనడం లేదు. ఇవేవీ కాని మామూలు జ్వరం సెలవు గురించే నా మనవి.

ఫ్యాక్టరీల డైరెక్టర్ ద్వారా ఒక సర్క్యులర్ ఇప్పించండి. సెలవుకి సర్టిఫికెట్‌లో విశ్రాంతి తేదీలు, చేరే తేదీ, పనిలో పరిమితులు ఉంటే చాలని, జబ్బు పేరు లేదనే కారణంతో దాన్ని తిప్పి పంపకూడదని, ల్యాబ్ రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ అడగకూడదని అందులో స్పష్టంగా ఉండాలి. తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో ఒక పేజీ నమూనా కూడా ఇవ్వండి. మా దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది బిహార్, ఒడిశా వాళ్లు, వాళ్లకి తెలుగు నోటీసు చదవడం రాదు. కాంట్రాక్టర్ల కింద పనిచేసే వాళ్లకూ ఇది వర్తిస్తుందని విడిగా రాయండి, లేకపోతే ‘మాకు వర్తించదు’ అని కాంట్రాక్టర్లు తప్పించుకుంటారు. పరిమితులు రాసిన సర్టిఫికెట్ తెచ్చిన మనిషికి ‘లైట్ డ్యూటీ మా దగ్గర లేదు’ అని చెప్పి ఇంటికి పంపేస్తే ఆ రోజుల జీతం ఏమవుతుందో కూడా ఆ సర్క్యులర్‌లోనే తేల్చాలి. మా ప్రెస్ ఆపరేటర్‌నీ అలాగే పంపేశారు, 24 నుంచి 30 వరకు ఆ వారం జీతం ఇప్పటికీ రాలేదు.

ఇట్లు,
జీడిమెట్ల పారిశ్రామికవాడ దగ్గర ప్రాక్టీసు చేస్తున్న ఒక డాక్టర్