కరెంటు బిల్లు మెసేజ్‌ను మనుషుల తెలుగులో పంపండి

సంపాదకులకు,

మా కాలనీలో ఈమధ్య అందరి ఫోన్లకీ వచ్చిన మెసేజ్ ఇది: "ప్రియమైన వినియోగదారుడా, మీ యొక్క జూన్ నెల విద్యుత్ బిల్లు రూ.640 ఉత్పత్తి చేయబడింది. దయచేసి 14-07 లోపు చెల్లింపు చేయండి. విఫలమైతే సరఫరా నిలిపివేయబడుతుంది."

ఎవరో ఇంగ్లిష్ వాక్యాన్ని మిషన్‌లో వేసి, వచ్చింది వచ్చినట్టు పంపేశారు. బిల్లు ఉత్పత్తి కావడానికి అదేమన్నా సిమెంటా? ఇలాంటిది చేతికొస్తే చాలామంది మాట తీసి మాట పెడతారు, "చెల్లింపు చేయండి"ని "చెల్లించండి" అని మార్చి ఊరుకుంటారు. దానివల్ల లాభం లేదు, వాక్యం ఎముకలు ఇంగ్లిష్‌వే ఉంటాయి. అసలు విషయం పట్టుకుని, అదే కబురు లైన్‌మన్ గుమ్మం దగ్గర నిలబడి చెబితే ఎలా చెబుతాడో అలా కొత్తగా రాయాలి: "మీ జూన్ కరెంటు బిల్లు రూ.640. జులై 14 లోపు కట్టండి. అప్పటికీ కట్టకపోతే కనెక్షన్ తీసేస్తాం."

"దయచేసి", "మీ యొక్క" పోయినా మర్యాద తగ్గలేదు చూడండి, "మీ"లోనే అది ఉంది. "నిలిపివేయబడుతుంది" అంటే ఎవరు నిలిపేస్తారో తెలియదు, "తీసేస్తాం" అంటే తెలుస్తుంది. అలాగని మరీ ఒక జిల్లా యాసలోకి దిగక్కర్లేదు, "కట్టండి" అంటే ఆదిలాబాద్‌లోనూ శ్రీకాకుళంలోనూ అర్థమవుతుంది.

తేదీ దగ్గర మాత్రం తెలుగు ఒక్కటే చూసి దిద్దితే కుదరదు. "14 లోపు" అంటే 14న కట్టొచ్చా, 13తోనే సరా? మా వీధిలో దీనిమీద పెద్ద వాదనే నడిచింది. ఇంగ్లిష్ మూలం తీసి చూడాలి. డబ్బు, తేదీ, కట్టకపోతే ఏమవుతుంది, ఈ మూడూ దానితో సరిపోయాకే మెసేజ్ వదలాలి.

ఇంకోటి, పేర్లు. కొన్ని మెసేజ్‌లలో పేరు ఉండే చోట ఖాళీ వదిలి పక్కనే "కు" తగిలిస్తారు. రాజు అయితే "రాజుకు" బాగానే ఉంటుంది, రవి అయితే "రవికు" అని వస్తుంది, ఏ తెలుగువాడూ అలా అనడు. ఆ ఖాళీ పక్కన "గారికి" అని పెడితే రాజు గారికి, రవి గారికి, లక్ష్మి గారికి, ఎవరికైనా అతుకుతుంది, ఆడవాళ్లను "వినియోగదారుడా" అని పిలిచే బాధా తప్పుతుంది.

పొడుగు మాటలకు ఖర్చు కూడా ఉంది. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి, గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కకొస్తాయి. అది దాటితే ఇంకో ఎస్సెమ్మెస్ కింద లెక్క.

ఈ మెసేజ్‌ల నమూనాను టెలికాం కంపెనీల దగ్గర ముందే నమోదు చేయించాలి, తర్వాత మాట మార్చాలంటే మళ్లీ ఆమోదం కావాలి. కాబట్టి నమోదుకు పంపేముందే ఆ నమూనాను బిల్లు కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగి చేత ఒకసారి పైకి చదివించమని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఖమ్మం